కిటికీ అద్దం మీద రెండు పెట్టెలు

మార్చిలో కొన్న పెట్టె ఒకటి, మే నెలలో కొన్నది ఇంకొకటి. రెండూ నా దగ్గర మిగిలి ఉండటం ముందుచూపు వల్ల కాదు. మంచి అట్టపెట్టె కనిపిస్తే నాకు పారెయ్యబుద్ధి కాదు. గుండీలు, సూదులు, పిన్నీసులు వేసుకోడానికి దాస్తాను. మా అమ్మ దగ్గర నుంచి వచ్చిన అలవాటు అది. ఆ రెండు పెట్టెలూ లేకపోతే నేను ఈరోజుకీ వాటిలో వచ్చిన నకిలీ ట్యూబులే కొంటూ ఉండేదాన్ని.

నాకు రెండు బుగ్గల మీదా మంగు ఉంది. రెండో కాన్పు తర్వాత మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ ముదిరింది. చర్మవైద్యురాలు రాత్రికి ఒక క్రీము, పగటికి ఒక సన్‌స్క్రీన్ రాసిచ్చారు. క్రీము ఒకరోజు మరిచిపోయినా ఫర్వాలేదు గానీ సన్‌స్క్రీన్ మాత్రం మానొద్దని మరీమరీ చెప్పారు. రాత్రి మందు కాస్త తగ్గించిన నలుపుని మధ్యాహ్నపు ఎండ మళ్లీ తెచ్చిపెడుతుంది. ఆమె రాసిచ్చింది విదేశీ కంపెనీ సరుకు. 50 మిల్లీలీటర్ల ట్యూబు, దాని ధర 1,450 రూపాయలు. మందుల షాపులో ఆ ధర చూసి వెనక్కి తగ్గి, ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే 899కే దొరికింది. నాలుగున్నర చుక్కల రేటింగు, వేలమంది మెచ్చుకోళ్లు. ఇంకేం ఆలోచించలేదు.

రాసుకుంటే మంట పుట్టలేదు, దురద రాలేదు, పొక్కులు లేవలేదు. నకిలీ సరుకంటే ముఖం కాలిపోతుందని, దద్దుర్లు వస్తాయని మనసులో ఒక బొమ్మ ఉంటుంది కదా. అలాంటిదేమీ జరగలేదు కాబట్టి నాకు అనుమానమే రాలేదు. లోషన్ కొంచెం పలచగా ఉన్నట్టు అనిపించింది. వాసనలో మా అమ్మాయి పౌడరు డబ్బా గుర్తొచ్చింది. కంపెనీవాళ్లు ఏదో మార్చి ఉంటారులే అనుకున్నాను. అయిపోగానే మే నెలలో అదే పేజీలో రెండోది కొన్నాను.

జూన్‌లో డాక్టరుగారు నా ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూసి, సన్‌స్క్రీన్ ఎంత రాస్తున్నారని అడిగారు. చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు గీతలు పిండి, ముఖానికీ మెడకీ రాస్తున్నానని చెప్పాను. మధ్యాహ్నం మళ్లీ రాస్తున్నారా అంటే, రాస్తున్నానన్నాను. గొడుగు వాడుతున్నారా అంటే, వాడుతున్నానన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ట్యూబు ఎక్కడ కొన్నారమ్మా?" అన్నారు. నేను వెబ్‌సైటు పేరు చెప్పాను.

"అది సంత పేరు. సంతలో గంప ఎవరిది?"

నాకు జవాబు తెలియలేదు. ఎవరి దగ్గర కొన్నానో తెలియకుండానే మూడు నెలలు ముఖానికి రాసుకున్నాను. మంగు తగ్గకపోగా ఎడమ బుగ్గ మీద కణత దాకా పాకింది. ఎర్రబడి మంట పుట్టి ఉంటే మొదటి వారంలోనే పారేసేదాన్ని. సన్‌స్క్రీన్ పని చేస్తోందో లేదో రాసుకున్న మనిషికి తెలియదు. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో ప్రయోగశాలలో కొలిచి చెప్పాల్సిందే. చేతి మీద రాసి, నీళ్లలో కలిపి, వాసన చూసి చెప్పగలిగింది కాదు. అందుకే అలాంటి సరుకులో లోపలి పదార్థం కన్నా బయటి పెట్టే ఎక్కువ చెబుతుంది. ఈ మాట నాకు డాక్టరుగారు కాదు, బాబాయి చెప్పాడు.

మా బాబాయికి విజయవాడ గవర్నరుపేటలో ముప్ఫై ఏళ్లకు పైగా ఆఫ్‌సెట్ ప్రెస్సు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, మిఠాయి పెట్టెలు, ఆయుర్వేద తైలాల లేబుళ్లు వేసేవాడు. కంట్లో శుక్లం తీయించుకుని, పరీక్ష కోసం హైదరాబాదులో మా ఇంటికొచ్చి ఉన్నాడు. నేను డాక్టరుగారి దగ్గర నుంచి దిగులుగా వచ్చి విషయం చెబితే, "ఆ పెట్టెలేవీ, ఇలా తే" అన్నాడు. గుండీలు కుమ్మరించి రెండూ ఇచ్చాను. దారిలో మందుల షాపులో పూర్తి ధర పెట్టి కొన్న కొత్త ట్యూబు కూడా సంచిలో ఉంది. మూడూ బల్ల మీద వరసగా పెట్టాడు.

నేను ముందే నాకు తెలిసిన పరీక్షలన్నీ చెప్పాను. కంపెనీ పేరులో అక్షరదోషం లేదు. మెరిసే హోలోగ్రాం ఉంది. బార్‌కోడ్ కూడా సక్రమంగానే ఉంది. బాబాయి అవన్నీ పక్కకు నెట్టేశాడు. "నువ్వు చూసినవన్నీ నువ్వు చూస్తావని పెట్టినవి. దొంగ కూడా వాటినే శ్రద్ధగా చేస్తాడు. నువ్వు చూడవనుకునే చోట చూడు."

ముందుగా బ్యాచ్ నెంబరు చూపించాడు. అసలు పెట్టె మీద ఆ నెంబరు, తయారీ నెల, వాడాల్సిన గడువు ఉన్న చోట అక్షరాలు మిగతా అచ్చుకి అతకనట్టు ఉన్నాయి. చిన్నచిన్న చుక్కలు కలిసి అక్షరాలైనట్టు, వరస కాస్త వాలినట్టు, గీసి ఉంచిన గడి లోంచి కొంచెం బయటికి జరిగినట్టు ఉన్నాయి. నా నకిలీ పెట్టెల మీద మాత్రం అవే అక్షరాలు ముచ్చటగా, గడి మధ్యలో, మిగతా రాతలాగే నున్నగా ఉన్నాయి. నేనైతే ఆ నకిలీదే మంచి పెట్టె అనేదాన్ని.

"ఇందులో పొరపాటు ఎక్కడుందో చెప్పు" అన్నాడు బాబాయి. నేను చెప్పలేకపోయాను.

పెట్టె అచ్చయ్యేది ప్రెస్సులో. లక్షల్లో ఒకేసారి అచ్చేస్తారు. వాటిలో ఏ పెట్టెలోకి ఏ రోజు నింపిన ట్యూబు వెళ్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకే నెంబరు కోసం ఖాళీ గడి వదిలేస్తారు. ఫ్యాక్టరీలో ట్యూబు నింపి పెట్టెలో పెట్టాక, బెల్టు మీద కదులుతూ పోతున్న పెట్టె మీద ఇంక్‌జెట్ యంత్రమో లేజరో ఆ అంకెలు వేస్తుంది. పెట్టె కదులుతోంది కాబట్టి అంకెలు ఒకసారి మిల్లీమీటరు పైకి, ఒకసారి పక్కకి పడతాయి. అంటే ఆ నెంబరు పెట్టెకన్నా వెనక పుట్టింది, వేరే యంత్రం మీద పుట్టింది. చూడగానే ఆ తేడా కనిపించాలి.

నకిలీవాడి దారి వేరు. వాడు ఒక అసలు పెట్టెను విప్పి, పరిచి, స్కాన్ చేయిస్తాడు. ఆ పెట్టె మీదున్న నెంబరు కూడా బొమ్మలో భాగంగా వచ్చేస్తుంది. దాన్ని మిగతా రాతకు తగ్గట్టు శుభ్రంగా తిరగరాసి, అంతా కలిపి ఒకేసారి అచ్చేస్తాడు. నెంబరు వేసే యంత్రం వేరే కొనే పని ఉండదు. దానివల్ల వాడు వేసిన ప్రతి పెట్టె మీదా అదే నెంబరు, అదే చోట ఉంటుంది.

బాబాయి లేచి, మార్చి పెట్టెనీ మే పెట్టెనీ అంటించిన చోట జాగ్రత్తగా విప్పి, బల్లపరుపుగా చేశాడు. ఒకదాని మీద ఒకటి అంచులు కలిపి, కిటికీ అద్దానికి ఆనించాడు. వెనక నుంచి మధ్యాహ్నపు వెలుతురు పడింది. కింది పెట్టె అంకెలు పై పెట్టె అంకెల వెనక వెంట్రుక వాసి తేడా లేకుండా దాక్కున్నాయి. రెండు నెలల ఎడంతో కొన్న రెండు పెట్టెలు. బ్యాచ్ ఒకటే కావడంలో వింత లేదు; గోదాములో అదే నిల్వ మిగిలి ఉంటే అసలు సరుకులోనూ అలా జరుగుతుంది. కానీ కదిలే బెల్టు మీద వేసిన అంకెలు రెండు పెట్టెల మీద ఒకే చోట అంత కచ్చితంగా పడవు. నేను పట్టుకుని నిలబడ్డాను. మూడు నెలల పాటు అద్దంలో చూసుకున్న ముఖం గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాత చిన్న అక్షరాల దగ్గరికి వచ్చాం. బాబాయి సంచిలో ఎప్పుడూ ఉండే ప్రెస్సు భూతద్దం తీశాడు. పెట్టె వెనక, పదార్థాల జాబితా ఉన్న చోట పెట్టి చూడమన్నాడు. అసలు పెట్టె మీద నల్లటి అక్షరాలు గట్టి నలుపు, అంచులు చాకుతో కోసినట్టున్నాయి. నకిలీ దాని మీద అదే నలుపు విడిపోయి నీలం, ఎరుపు, పసుపు చుక్కల గుంపుగా కనిపించింది. అక్షరాల చుట్టూ పొగ కమ్మినట్టు ఉంది. అసలు కంపెనీ ఆ జాబితాను కంప్యూటర్లో అక్షరాలుగా టైపు చేయించి ఇస్తుంది కాబట్టి అది ఒక్క నలుపు ప్లేటు మీదే అచ్చవుతుంది. స్కాన్ చేసిన పెట్టె ఫొటోతో సమానం. ఫొటోలో నలుపు కూడా నాలుగు రంగుల చుక్కలతోనే వస్తుంది. భూతద్దం లేనివాళ్లు ఫోన్ కెమెరాను దగ్గరగా పెట్టి పెద్దది చేసి చూసినా ఈ తేడా చాలావరకు తెలుస్తుందని ఆరోజే మా అమ్మాయి చేసి చూపించింది. ముదురు రంగు కాగితం మీద తెల్ల అక్షరాలున్న చోటా, కంపెనీ గుర్తు చుట్టూ ఉన్న ఒకే రంగు పట్టీ మీదా కూడా చూడమన్నాడు బాబాయి. పెద్ద కంపెనీలు తమ రంగును ప్రత్యేకంగా కలిపించిన సిరాతో వేయిస్తాయి, అది చుక్కలు లేకుండా నిండుగా ఉంటుంది.

ఇక ట్యూబు. అడుగున నొక్కి మూసిన అంచు మీద కంపెనీ నెంబరు వేస్తుంది. అసలు ట్యూబు అంచు మీద గోరు పెట్టి గీస్తే అంకెలు గరుకుగా తగిలాయి. యంత్రం వాటిని ఆ అంచు మూసేటప్పుడే లోతుగా అద్దింది. ఆ అంకెలు పెట్టె మీది నెంబరుతో సరిపోయాయి. నకిలీ ట్యూబుల అంచు మీద అంకెలు ఉన్నాయి గానీ గోరుకు తగల్లేదు. మే ట్యూబు అంచు మీదున్న నెంబరుకీ పెట్టె మీది నెంబరుకీ చివరి మూడక్షరాలు కలవలేదు. ట్యూబులు చేసినవాడు ఒకడు, పెట్టెలు కొట్టించినవాడు ఇంకొకడు అయి ఉంటారని బాబాయి అన్నాడు. పెట్టె నెంబరు, లోపలి ట్యూబు నెంబరు పక్కపక్కన పెట్టి చదవడానికి అర నిమిషం పడుతుంది. నేను రెండుసార్లు పెట్టె విప్పాను, ఒక్కసారీ చదవలేదు.

ఆ అంచు మీదే చిన్న రంగు పట్టీ ఒకటి ఉంటుంది. ఆకుపచ్చైతే ప్రకృతిసిద్ధం, నలుపైతే రసాయనం అని వాట్సాప్‌లో తిరిగే మాట నేనూ నమ్మేదాన్ని. బాబాయి తల అడ్డంగా ఊపాడు. ట్యూబును ఎక్కడ కోయాలో, ఏ వైపు తిప్పి మూయాలో యంత్రం కన్నుకు చెప్పే గుర్తు అది, అంతే. 890తో మొదలయ్యే బార్‌కోడ్ గురించి కూడా అపోహే. ఆ కంపెనీ తన కోడ్‌ను భారతదేశపు జీఎస్1 సంస్థ దగ్గర తీసుకుందని మాత్రమే దానర్థం. సరుకు ఇక్కడే తయారైందని గానీ అసలుదని గానీ కాదు. గీతల్ని స్కాన్ చేస్తే ఎలాగూ అచ్చుగుద్దినట్టు వచ్చేస్తాయి.

పెట్టె మీద చదవాల్సిన రాత ఇంకొకటి ఉంది, అది చట్టం కోరే రాత. మన దేశంలో తయారైన సౌందర్య సాధనం మీద తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నెంబరు ఉండాలి. విదేశం నుంచి వచ్చినదాని మీద దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, చిరునామా, ఆ సరుకుకు కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నెంబరు ఉండాలి. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ చెప్పేది ఇదే. అసలు పెట్టె మీద ఈ వివరాలు తెల్ల స్టిక్కరు మీద ఉన్నాయి. స్టిక్కరు అందంగా లేదు, కొంచెం వంకరగా కూడా అంటించారు. నా పెట్టెల మీద స్టిక్కరు లేదు. గరిష్ఠ ధర మాత్రం రూపాయల్లో పెట్టె మీదే అచ్చయి ఉంది. విదేశంలో తయారైందని రాసిన పెట్టె మీద మన రూపాయల ధర ఉండి, దాన్ని దేశంలోకి తెచ్చినవాడి పేరు లేదు. రెండు నెలలు ఆ పెట్టెలో పిన్నీసులు వెతుక్కున్నాను గానీ ఆ వెలితి కనిపించలేదు.

ఇవన్నీ చెప్పి బాబాయి హెచ్చరిక కూడా చేశాడు. కాస్త డబ్బున్న నకిలీవాడు చిన్న ఇంక్‌జెట్ యంత్రం కొనుక్కోగలడు. అప్పుడు అంకెలు వెనక పుట్టినట్టే కనిపిస్తాయి. ఇంకా చిక్కేమంటే, ఖాళీ అయిన అసలు సీసాల్ని పాత సామాను వాళ్ల దగ్గర కొని నింపేవాళ్లుంటారు. అప్పుడు సీసా, లేబులు, నెంబరు అన్నీ నిజమైనవే, లోపలిదే అబద్ధం. షాంపూలకూ సెంట్లకూ ఈ భయం ఎక్కువ. మూత కింద సీలు ఉందో లేదో, మూత గాడిలో పాత సరుకు ఎండి ఉందేమో చూడటం తప్ప అక్కడ పెట్టె పరీక్ష పని చేయదు. తలకిందుల తప్పు కూడా జరుగుతుంది. కంపెనీలు పెట్టె రంగు, లోపలి తయారీ మారుస్తుంటాయి. ఒక దేశానికి పంపే పెట్టెకీ ఇంకో దేశానికి పంపేదానికీ తేడా ఉంటుంది. కాటుక, లిప్‌స్టిక్ లాంటి చిన్న సరుకుల మీద బ్యాచ్ నెంబరు లేకపోయినా తప్పు పట్టలేం. 10 గ్రాములకు మించని గట్టి, ముద్ద పదార్థాలకు నిబంధనల్లోనే ఆ మినహాయింపు ఉంది. కాబట్టి ఒక్క ఆనవాలు చూసి నకిలీ అని కేకలు వేయకూడదు. నా పెట్టెల్లో మాత్రం నాలుగు ఆనవాళ్లు ఒకే వైపు వేలు చూపించాయి.

ఆ రాత్రి డాక్టరుగారి ప్రశ్న దగ్గరికి వచ్చాను. గంప ఎవరిది?

పాత ఆర్డరు తెరిచి చూశాను. ధర కింద చిన్న అక్షరాల్లో అమ్మినవారి పేరు ఉంది. నేను ఎప్పుడూ వినని పేరు. ఆ పేరు మీద వేలు పెడితే ఇంకో పేజీ తెరుచుకుంది. ఆ అమ్మకందారుకి వచ్చిన అభిప్రాయాలు అక్కడ విడిగా ఉన్నాయి. వేలల్లో కాదు, పదకొండు. వాటిలో మూడు ఫోన్ కవర్ల గురించి. నేను నమ్మిన నాలుగున్నర చుక్కలూ ఆ సరుకు పేజీవి. ఒకే పేజీ మీద పదిమంది అమ్ముతుంటే అందరి దగ్గర కొన్నవాళ్ల మెచ్చుకోళ్లూ ఒకే కుప్పగా చేరతాయి. అసలు ట్యూబు అందుకున్నవాళ్లు మనస్ఫూర్తిగా రాసిన మాటలు నకిలీవాడికి కూడా సాక్ష్యం పలుకుతున్నాయి. ఆ పేజీలో మొదట కనిపించే "కొనండి" బొత్తం వెనక ఉన్న అమ్మకందారు కూడా రోజుకొకరు మారవచ్చు. అదే పేజీలో మా పక్కింటావిడ కొంటే మంచిది రావచ్చు, నాకు నకిలీ రావచ్చు.

అమ్మకందారు రేటింగు కూడా పూర్తి భరోసా కాదు. అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ 2018లో ఒక నివేదిక ఇచ్చింది. వాళ్లు పేరున్న ఆన్‌లైన్ అంగళ్లలో, మంచి రేటింగున్న బయటి అమ్మకందారుల దగ్గర 47 వస్తువులు కొని, అసలు కంపెనీలకు పంపి పరీక్ష చేయించారు. 20 నకిలీవని తేలాయి. ఆ 47లో ముఖానికి పూసుకునే సరుకు 13. ఆ పదమూడూ నకిలీవే. అదే కొనుగోలులో తెప్పించిన బూట్లన్నీ అసలువి. ఈ సంగతి చదివాక నాకు భయం కన్నా ఆశ్చర్యం ఎక్కువ కలిగింది. బూటు కుట్టుకన్నా చర్మానికి పూసేదాన్నే తేలిగ్గా నకలు కొడుతున్నారు. ఆ లెక్క చూశాక ముఖానికి సంబంధించినదేదీ రేటింగు చూసి కొనడం లేదు.

అమ్మినవాడి ఇన్వాయిస్ ఈమెయిల్లో దొరికింది. దాని మీద పదిహేను అక్షరాల జీఎస్టీ నెంబరు ఉంది. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. నా బిల్లు మీద 07, అంటే ఢిల్లీ. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ నెంబరు కొడితే వ్యాపారి పేరు, ఎప్పుడు నమోదయ్యాడో, ఇప్పుడు నడుస్తోందో లేదో ఎవరైనా చూడొచ్చు. లాగిన్ కూడా అవసరం లేదు. నాకు అమ్మినవాడు ఫిబ్రవరిలో నమోదయ్యాడు. జూన్ నాటికి నమోదు రద్దయింది. నేను కొన్నది మార్చిలోనూ మేలోనూ. సరుకు వివరాల్లో సౌందర్య సాధనాల ఊసు లేదు. ఈ ఒక్క పని మార్చిలో ఐదు నిమిషాలు చేసి ఉంటే, నిరుడు లేని వ్యాపారి దగ్గర ముఖానికి రాసుకునేది కొనేదాన్ని కాదు.

మర్నాడు అసలు పెట్టె స్టిక్కరు మీదున్న వినియోగదారుల చిరునామాకు ఉత్తరం రాశాను. మూడు పెట్టెల ఫొటోలు, నెంబర్లు, ట్యూబు అంచులు జతచేశాను. ఆరో రోజున జవాబు వచ్చింది. పెట్టె మీదున్న బ్యాచ్ నెంబరు తమదేనట. కానీ ఆ బ్యాచ్‌లో తాము నింపింది పెద్ద ట్యూబులని, 50 మిల్లీలీటర్లవి కావని రాశారు. నెంబరు కొడితే తయారీ తేదీ చెప్పే వెబ్‌సైట్లు కొన్ని ఉన్నాయి. నేను అంతకుముందే వాటిలో ఆ నెంబరు కొట్టి, తేదీ సరిగ్గా వచ్చిందని కాసేపు సంబరపడ్డాను. దొంగిలించిన నెంబరు కూడా తేదీ సరిగ్గానే చెబుతుంది. ఆ నెంబరు ఏ సరుకుదో చెప్పగలిగేది కంపెనీ ఒక్కటే. అదే జవాబులో తాము సరుకు ఇచ్చే ఆన్‌లైన్ అమ్మకందారుల పేర్లు నాలుగు రాసి పంపారు. ఇంత సులువుగా దొరికే జాబితాని నేను ముందెప్పుడూ అడగలేదు. ఇప్పుడు కొత్త సరుకు ఏది కొనాలన్నా మొదట కంపెనీ సొంత వెబ్‌సైటు చూస్తాను, లేదా వాళ్లకు రాసి పేర్లు అడుగుతాను. తర్వాత అంగడి పేజీలో "అమ్మేవారు" అన్న చోట అదే పేరు అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో పోల్చుకుంటాను. డబ్బు కట్టే ముందు ఇంకోసారి చూస్తాను, ఎందుకంటే సరుకును కార్టులో వేసినప్పుడున్న పేరు డబ్బు కట్టేటప్పటికి మారిపోవడం ఒకసారి కళ్లారా చూశాను.

అంగడి గోదాము నుంచి వచ్చిందన్న మాట కూడా నన్ను ఇదివరకు నమ్మించేది. గోదాము సరుకును దాస్తుంది, పంపుతుంది. పెట్టె విప్పి చూసి, అసలుదని తేల్చి పంపుతుందని దానర్థం కాదు. నాకు వచ్చిన రెండు ట్యూబులూ అలా గోదాము నుంచి అంగడి ముద్రతోనే వచ్చాయి.

ఫిర్యాదు చేస్తే పదిరోజుల వాపసు గడువు దాటిపోయిందని మొదట జవాబు వచ్చింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, నకిలీ సరుకైతే అమ్మినవాడు వెనక్కి తీసుకోననడానికి వీల్లేదు. అంగడి ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కంపెనీ జవాబును జతచేసి ఆ అధికారికి మళ్లీ రాశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి నమోదు చేయించాను. మూడు వారాలకు రెండో ట్యూబు డబ్బు తిరిగొచ్చింది. మార్చిది రాలేదు. డబ్బుకన్నా ఆ పేజీలోంచి ఆ అమ్మకందారు పేరు పోవడం నాకు ముఖ్యం, పోయింది. వేరే పేరుతో మళ్లీ వస్తాడేమోనన్న బెంగ మాత్రం ఉంది. అందుకే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ టోల్‌ఫ్రీ నెంబరు 1800-599-6969కి కూడా చెప్పాను. కొన్న సౌందర్య సాధనాన్ని రుసుము కట్టి ప్రభుత్వ విశ్లేషకుడి చేత పరీక్ష చేయించుకునే హక్కు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ మామూలు కొనుగోలుదారుకి కూడా ఇచ్చిందని ఆ వెతుకులాటలోనే తెలిసింది. అప్పటికి నా దగ్గర సీలు విప్పని ట్యూబు లేదు.

బాబాయి ఊరికి వెళ్లేముందు ఒక పాత సంగతి చెప్పాడు. ఎన్నో ఏళ్ల కిందట ఇద్దరు మనుషులు ప్రెస్సుకి ఒక షాంపూ పెట్టె తెచ్చారట. కంపెనీ ఉత్తరం లేదు, డిజైను ఫైలు లేదు. "అచ్చం ఇలాగే ఇరవై వేలు కొట్టండి" అన్నారట. ఆయన వద్దన్నాడు. వాళ్లు ఆ పెట్టెను బల్ల మీదే మరిచిపోయి వెళ్లారు. దాన్ని తిప్పి చూస్తే అంటించిన చోట పప్పు మరక ఉందట. ఎవరి ఇంటి చెత్తబుట్టలోంచో వచ్చిన పెట్టె.

"నువ్వు దాచేవి దాచుకో. పారేసేది మాత్రం నిండుగా పారెయ్యకు" అన్నాడు.

ఇప్పుడు అసలు ట్యూబు అయిపోతే దాన్ని అడ్డంగా కత్తిరిస్తాను. పెట్టెను నెంబరు ఉన్న చోట, స్టిక్కరు ఉన్న చోట చింపి, ముక్కలు వేరువేరు రోజుల చెత్తలో వేస్తాను. గుండీలు, పిన్నీసులు ఒక పాత గాజుసీసాలోకి మారాయి. బీరువాలో మిగిలినవి ఆ రెండు పెట్టెలే, విప్పినవి విప్పినట్టే, బిల్లులతో కలిపి మడిచి.